భోగి రాత్రి ఊడిన బ్రాకెట్: మూడు రోజులు ఫోన్‌లోనే నడిచిన ఒక కేసు

భోగి రోజు రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ వచ్చింది. "మేడమ్, పాప క్లిప్పు వైరు తెగిపోయింది. బుగ్గలో గుచ్చుకుని రక్తం వస్తోంది. మేము ఇక్కడ అమ్మావాళ్ల ఊళ్లో ఉన్నాం." ఊరు కోనసీమలో, అమలాపురం దాటాక. నేను ఆర్థోడాంటిస్టును, అంటే పళ్లకు క్లిప్పులు వేసే డాక్టరును, నా క్లినిక్ రాజమండ్రిలో. పండగ మూడు రోజులూ మూసే ఉంటుంది, నేనూ ఊళ్లో లేను. కలవగలిగేది కనుమ మర్నాడు, ముక్కనుమ రోజున. అంటే మధ్యలో మూడు రాత్రులు గడవాలి.

పేషెంటుకు 14 ఏళ్లు, బరువు 42 కిలోలు. క్లిప్పులు వేసి పది వారాలయింది. పైనా కిందా ఇంకా మొదటి వైరే, 0.014 నైటై, అంటే నికెల్-టైటానియం లోహపు వైరు. అంగుళాల లెక్కలో చెప్పే కొలత అది, మిల్లీమీటర్లలో 0.36 దాకా ఉంటుంది. స్ప్రింగులా వంగి మళ్లీ తన రూపానికి వచ్చేస్తుంది. వంకర పళ్లను నెమ్మదిగా వరసలోకి లాగడానికి మొదట వాడేది ఇదే. ఈ కేసులో తర్వాత జరిగిన ప్రతిదానికీ వైరుకున్న ఈ గుణంతో సంబంధం ఉంది.

తెగిందని ఇంట్లోవాళ్లు చెప్పినా నేను వెంటనే నమ్మను. మొదటి దశలో ఈ సన్న వైరు తెగడం అరుదు, జారడం మామూలు. అందుకే ముందు ఫోటోలు అడిగాను. మొదట వచ్చిన మూడింట్లో పెదవులు, నాలుక తప్ప ఏమీ కనిపించలేదు. నోటి ఫోటో తీయడానికి ఒక పద్ధతుంది. పాపను కిటికీకో లైటుకో ఎదురుగా కూర్చోబెట్టాలి. టీ స్పూను కాడను బుగ్గ లోపల పెట్టి బయటికి లాగి పట్టుకోవాలి. పళ్లు సగం మూయించి, ఫోన్ ఒక జానెడు దూరంలో ఉంచి, ఇంకొకరు టార్చి పట్టుకోవాలి. నాలుగో ఫోటోలో అంతా తెలిసింది.

కింద కుడివైపు కోరపన్ను వెనక రెండు చిన్న దవడ పళ్లుంటాయి. వాటిలో రెండోదాని మీది బ్రాకెట్, అంటే వైరును పట్టి ఉంచడానికి పన్నుకు అతికించే చిన్న ముక్క, ఊడిపోయింది. చుట్టూ ఉన్న చిన్న రబ్బరు రింగు వల్ల వైరుకే వేలాడుతూ, తలకిందులుగా తిరిగి ఉంది. దాని వెనక పెద్ద దవడ పన్ను మీద ట్యూబు ఉంటుంది, వైరు కొస అందులో దూరి ఉండాలి. ఆ కొస ట్యూబులో లేదు. బయటికొచ్చి బుగ్గ వైపు తిరిగి గుచ్చుకుంటోంది. వైరు ఎక్కడా తెగలేదు.

వాళ్లకు కనిపించింది వైరు, కానీ మొదట పోయింది బ్రాకెట్. బ్రాకెట్ పన్నును పట్టుకుని ఉన్నంతసేపు వైరుకు ఆ చోట ఆధారం ఉంటుంది. అది ఊడితే ముందు పన్ను నుంచి ట్యూబు వరకు వైరు ఉత్తగా వేలాడుతుంది. దాని మీద అన్నం ముద్ద పడితే చాలు, వైరు కిందికి వంగి, కొస ట్యూబులోంచి బయటికి జారిపోతుంది. సన్న వైరు కాబట్టి ఇంకా తేలిగ్గా జారుతుంది. అమ్మాయిని అడిగితే సాయంత్రం చెరకు ముక్క నమిలానని, 'టక్' మన్నదని, కానీ అప్పుడు నొప్పేమీ లేదని చెప్పింది. గుచ్చుకోవడం మొదలైంది రెండు గంటల తర్వాత, రాత్రి భోజనంలో.

ఇది తేల్చుకోవడం ఎందుకంటే, తెగిన వైరుకూ జారిన వైరుకూ ఇంట్లో చేయాల్సింది ఒకటి కాదు. జారిన వైరు పూర్తి పొడవు ఉంటుంది కనుక మళ్లీ ట్యూబులోకి ఎక్కించవచ్చు. తెగిందేమోనని కంగారుపడి కత్తిరిస్తే ఆ అవకాశం పోతుంది, కత్తిరించిన మొన వేరే చోట గుచ్చుకుంటుంది. నేను ఇదంతా చెబుతుండగానే వాళ్ల మేనమామ కరెంటు పనికి వాడే కటింగ్ ప్లయర్ తెచ్చి సిద్ధంగా నిలబడ్డాడు. వీడియో కాల్‌లో అది చూసి నేను కాస్త గట్టిగానే వద్దన్నాను.

వ్యాక్స్ ఉందా అని అడిగాను. గుచ్చుకునే వైరు మీద అద్దే మెత్తటి మైనం అది, క్లిప్పులు వేసిన రోజున అందరికీ ఒక చిన్న డబ్బా ఇస్తాం. అది రాజమండ్రిలో అమ్మాయి బాత్రూం అద్దం దగ్గర ఉంది. ఊళ్లో మందుల షాపు కట్టేశారు. "కొవ్వొత్తి ఉంది మేడమ్, అదీ మైనమే కదా" అన్నారు. కొవ్వొత్తి మైనం గట్టిగా ఉంటుంది, వేళ్ల వేడికి మెత్తబడదు, వైరుకు అంటుకోకుండా పెచ్చులుగా రాలుతుంది. కరిగించి పెట్టాలనే ఆలోచన వస్తే నోరు కాలుతుంది. వద్దన్నాను. మెలకువగా ఉన్నంతసేపు బుగ్గకూ వైరుకూ మధ్య శుభ్రమైన దూది చుట్ట పెట్టుకోవచ్చు, కానీ నిద్రలో అది గొంతులోకి జారుతుంది. కాబట్టి ఆ రాత్రికి మిగిలిన దారి కొసను తిరిగి ట్యూబులోకి పంపడమే.

ఇంట్లో కనుబొమ్మల ప్లక్కర్ దొరికింది. సబ్బుతో కడిగి, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచమన్నాను. అమ్మాయిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచమన్నాను. నోట్లో ఏ పని చేస్తున్నా పడుకోబెట్టకూడదు, ఏదైనా జారితే నేరుగా గొంతులోకి పోతుంది. తల్లి ఆ చోటును దూదితో తుడిచి, వైరు కొసకు ఒక అర సెంటీమీటరు ముందు ప్లక్కర్‌తో పట్టుకుంది. కొసనే పట్టుకుంటే ట్యూబులోకి పోవడానికి చోటుండదు. ట్యూబు రంధ్రం ముందువైపు గరాటులా కాస్త వెడల్పుగా ఉంటుంది, వైరును పన్నుకు ఆనించి వెనక్కి తోస్తే అదే దారి దొరుకుతుంది. మొదటిసారి వైరు ట్యూబు పైనుంచి పోయింది. రెండోసారి ప్లక్కర్ జారింది. మూడోసారి లోపలికి వెళ్లింది. వెళ్లిందని ఎలా తెలుస్తుందంటే, ప్లక్కర్ వదిలాక కూడా వైరు పన్నుకు అతుక్కుని నిలబడుతుంది, వేలితో తడిమితే బుగ్గవైపు మొన తగలదు.

అప్పుడే ఇంకో ప్రశ్న వచ్చింది. వేలాడే బ్రాకెట్‌ను పీకేయమంటారా? వద్దు. రింగు దాన్ని వైరుకు పట్టి ఉంచుతుంది, వైరు కొస ట్యూబులో ఉన్నంతవరకు అది ఎటూ పోలేదు. అమ్మాయి మాత్రం నాలుకతో దాన్ని గిరగిరా తిప్పుతూనే ఉంది. అలా తిప్పితే రింగు వదులవుతుందని చెప్పాను. చెప్పినా ఆగదని నాకు తెలుసు, ఆ వయసులో ఎవరికైనా నోట్లో కదిలే వస్తువుంటే నాలుక ఊరుకోదు.

ఫోన్ పెట్టేముందు మేనమామ మెల్లగా అడిగాడు, ఫెవిక్విక్ చుక్క వేసి అతికిస్తే పండగ మూడు రోజులూ నిలుస్తుంది కదా అని. ఈ ప్రశ్న నాకు ఏడాదికి రెండు మూడుసార్లయినా వస్తుంది. ఆ జిగురు తడి తగిలిన వెంటనే గట్టిపడుతుంది, వేడి పుట్టిస్తుంది, చిగురుకు తగిలితే కాలుతుంది, పెదవినీ పన్నునూ కలిపి అతికించేస్తుంది. పైగా బ్రాకెట్ ఎక్కడో వంకరగా అతుక్కుంటే దాన్ని ఊడదీయడానికి పన్ను మీద నేను పడాల్సిన పాట్లు వేరు. మేము వాడే జిగురు పన్నును యాసిడ్‌తో కొద్దిగా గరుకు చేసి, ఆరబెట్టి, నీలం కాంతితో గట్టిపరిచేది. దానికి ఇంట్లో ప్రత్యామ్నాయం లేదు.

సంక్రాంతి నాడు ఉదయమంతా బాగానే ఉంది. మెత్తగా తినాలని చెప్పాను, ఎడమవైపు నమలమన్నాను. మధ్యాహ్నం గారెలు వచ్చాయి. గారె మెత్తగానే ఉంటుంది కదా అని కుడివైపు పెట్టింది. రెండున్నరకు తల్లి ఫోన్: వైరు మళ్లీ బయటికొచ్చింది, బ్రాకెట్ కనిపించడం లేదు.

ఈ కేసులో నాకు నిజంగా టెన్షన్ వచ్చింది ఈ ఒక్కచోటే. కొస ట్యూబులోంచి బయటికొచ్చిందంటే బ్రాకెట్ ఆ కొస మీదుగా జారిపోవడానికి దారి తెరుచుకున్నట్టే. ముందురోజు ఈ మాట వాళ్లకు గట్టిగా చెప్పి ఉండాల్సింది. వైరు మళ్లీ జారితే తినడం ఆపి, ముందు బ్రాకెట్‌ను చేతిలోకి తీసుకోమనాలి. అలా విడిగా వచ్చిన బ్రాకెట్‌ను చిన్న డబ్బాలో వేసి అపాయింట్‌మెంటుకు తేవాలి. నేను పీకవద్దని మాత్రమే చెప్పి ఊరుకున్నాను.

అడిగినవి ఇవీ: తింటున్నప్పుడు దగ్గు వచ్చిందా, పొలమారిందా? ఇప్పుడు ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం ఏమైనా ఉందా? గొంతు మారిందా, మింగుతుంటే ఎక్కడైనా అడ్డు తగులుతోందా? దేనికీ అవుననలేదు. కంచం, నేల వెతికారు, దొరకలేదు. మింగేసిందనే అనుకున్నాం. బ్రాకెట్ సుమారు 3 మిల్లీమీటర్ల ముక్క. కడుపులోకి వెళితే దాదాపు ఎప్పుడూ కొన్ని రోజుల్లో మలంతో పాటు బయటికి పోతుంది. అరటిపళ్లు కుక్కడం, అన్నం ముద్దలు నమలకుండా మింగించడం అవసరం లేదు. అయితే ఆ నిమిషంలో గట్టిగా దగ్గు వచ్చి తర్వాత తగ్గిపోయినా సరే, నేను ఎక్స్‌రే తీయించకుండా ఊరుకోను. ఊపిరితిత్తుల దారిలో ఇరుక్కున్న వస్తువు కొంతసేపటికి దగ్గు రప్పించకుండా సద్దుమణిగి కూర్చుంటుంది. ఆయాసం, ఈల శబ్దం ఉంటే ఆర్థోడాంటిస్టుకు ఫోన్ చేయడం కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ముఖం వాచి జ్వరం రావడం, పది పదిహేను నిమిషాలు నొక్కిపట్టినా రక్తం ఆగకపోవడం కూడా అంతే. మిగతావి చాలావరకు నాలుగు రోజులు ఆగగలవు.

ఇక వైరు. ఈసారి మధ్యలో బ్రాకెట్ కూడా లేదు. మొదటి చిన్న దవడ పన్ను తర్వాత వైరు ఒక సెంటీమీటరున్నర పొడవున గాల్లో ఊగుతోంది. ప్లక్కర్‌తో మళ్లీ ప్రయత్నించారు, రెండుసార్లు. వైరు ఒకటే కదులుతోంది, బుగ్గ వాచి ఉండడంతో స్పూను పెట్టనివ్వడం లేదు, అమ్మాయి ఏడుస్తోంది. ఈలోపు తండ్రి రాజమండ్రి నుంచి వస్తూ వ్యాక్స్ డబ్బా తెచ్చాడు. పెట్టారు, నిలవలేదు. ఇంకోటి పెట్టారు, అదీ జారిపోయింది.

ఎందుకు జారుతోందో నాకు అర్థం కాలేదు. వీడియోలో చూస్తే పద్ధతి సరిగానే ఉంది. అప్పుడు వెనక నుంచి అమ్మమ్మ గొంతు: "పొద్దున్నుంచీ పుండు మీద నెయ్యి రాస్తున్నానమ్మా, మంట తగ్గుతుందని." నెయ్యి పుండుకు హాని చేయదు, కానీ నెయ్యి పూసిన లోహం మీద మైనం నిలవదు. వైరునూ చుట్టుపక్కల పళ్లనూ దూదితో తుడిచి, గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి, మళ్లీ టిష్యూతో పొడిగా ఒత్తాలి. వ్యాక్స్ కూడా శనగగింజంత తీసుకుని వేళ్ల మధ్య ఐదారు సెకన్లు ఉండలా చుట్టి, వైరు మీద నొక్కి, అంచులు పన్నుకూ బ్రాకెట్‌కూ అంటేలా గోటితో అదమాలి. పుండు మీద కాదు, గుచ్చుకునే లోహం మీద పెట్టాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. తినేముందు తీసేసి, తిన్నాక నోరు కడిగి కొత్తది పెట్టుకోవాలి. పొరపాటున మింగినా ఏమీ కాదు.

కానీ సెంటీమీటరున్నర ఊగే వైరుకు వ్యాక్స్ ఎంత పెట్టినా ప్రయోజనం ఉండదు. పట్టుకోవడానికి వెనక ఆధారం కావాలి. ఇంకా రెండు రాత్రులున్నాయి. కత్తిరించమని చెప్పాలా వద్దా అని కొంచెంసేపు ఆలోచించాను. ఇంట్లో వైరు కత్తిరించడం ఎప్పుడూ వద్దనే వాళ్లు మా వృత్తిలో చాలామంది ఉన్నారు, వాళ్ల భయం సరైనదే. తెగిన ముక్క స్ప్రింగులా ఎగిరి గొంతులోకి పోవచ్చు. నేను ఒప్పుకున్నదానికి మూడు కారణాలు: వైరు సన్నది, కత్తిరించాల్సిన చోటు మరీ వెనక కాదు, ఇంట్లో చేయి వణకని మనిషి ఒకరున్నారు. ఆ మనిషి మేనమామే. వైరు మందమైనదైనా, చతురస్రంగా ఉండే స్టీలు వైరైనా ఒప్పుకునేదాన్ని కాదు. దాన్ని నెయిల్ కట్టర్ కోయలేదు, బలం పెడితే పక్క బ్రాకెట్లు ఊడతాయి.

కటింగ్ ప్లయర్ కాదు, కొత్త నెయిల్ కట్టర్. వేడినీళ్లు, సబ్బు, తర్వాత స్పిరిట్. అమ్మాయి కూర్చుని తల ముందుకు వంచింది. తడిపిన గాజుగుడ్డను నాలుగు మడతలు పెట్టి నాలుకకూ వైరుకూ మధ్య వెనకవైపుగా పెట్టారు, ముక్క ఎగిరినా అందులోనే పడేలా. తల్లి ప్లక్కర్‌తో వదులు కొసను గట్టిగా పట్టుకుంది, కోసిన తర్వాత కూడా వదలొద్దని రెండుసార్లు చెప్పాను. మేనమామ కట్టర్‌ను మొదటి చిన్న దవడ పన్ను బ్రాకెట్‌కు వెనక, వీలైనంత దగ్గరగా పెట్టాడు. ఒక్క నొక్కుకు తెగలేదు. ఈ లోహం అంత సులభంగా తెగదు, నాలుగో నొక్కుకు తెగింది. ముక్క ప్లక్కర్‌లోనే ఉంది. దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో పంపమన్నాను. ముక్క పూర్తిగా బయటికొచ్చిందని కళ్లతో చూస్తేగానీ నాకు నిద్ర పట్టదు. మిగిలిన మొన రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. దాని మీద వ్యాక్స్ ఉండ పెట్టారు, ఈసారి నిలిచింది.

బుగ్గలో పుండు సగం సెంటీమీటరు ఉంటుంది, మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీ స్పూను ఉప్పు, రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం. రాత్రి నిద్ర పట్టకపోతే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి, ఆ బరువుకు అది సరిపోతుంది. లవంగ నూనె మాత్రం పుండు మీద పెట్టవద్దన్నాను, పంటి నొప్పికి పెట్టే అలవాటు కొద్దీ ఇక్కడా పెడతారు, మంట ఇంకా పెరుగుతుంది. తెల్లటి పొరను చూసి చీము పట్టిందని కనుమ నాడు ఒక ఫోన్ వచ్చింది. అది చీము కాదు, మానుతున్న పుండు మీద కట్టే పొర. గీకకుండా వదిలేస్తే వారం పది రోజుల్లో పోతుంది.

ముక్కనుమ ఉదయం క్లినిక్‌లో చూశాను. నేను మొదట వెతికింది పన్ను మీద జిగురు ఎంత మిగిలిందని. జిగురంతా పన్ను మీదే ఉండిపోతే బ్రాకెట్ అడుగు వదిలిందని అర్థం. ఇక్కడ పన్ను నున్నగా ఉంది, ఒక్క చిన్న అంచు తప్ప జిగురు లేదు. అంటే జిగురు పన్నును సరిగా పట్టుకోలేదు. అతికించే ముందు ఉమ్మి తడి తగిలితే ఇలా అవుతుంది. కింద వెనక పళ్ల దగ్గర ఉమ్మి చేరకుండా ఆపడం కష్టం, ఆ రోజు నేను చివరగా అతికించింది కూడా ఇదే పన్ను. అది ఒక కారణం. రెండోది, నీలం కాగితం పెట్టి కొరికిస్తే పై పన్ను మొన సరిగ్గా బ్రాకెట్ ఉండాల్సిన చోట ముద్ర వేసింది. పది వారాలుగా ప్రతి నమలుకూ అక్కడ దెబ్బ తగులుతోంది. చెరకు చివరి దెబ్బ మాత్రమే. పండగంతా అమ్మాయిని చెరకు తిన్నావని తిట్టారట. ఆ సంగతి తెలిశాక తప్పు నాదీ ఉందని తల్లితో చెప్పాను.

పన్నును రుద్ది శుభ్రం చేసి, యాసిడ్ జెల్ 30 సెకన్లు ఉంచి కడిగి, దూది చుట్టలు రెండువైపులా పెట్టి, పన్ను సుద్దలా తెల్లగా కనిపించేదాకా ఆరబెట్టాను. ఆ తెలుపు రాకపోతే మళ్లీ మొదటి నుంచి చేయాలి. కొత్త బ్రాకెట్ కొంచెం చిగురు వైపుకు దించి అతికించాను. పై పన్ను తగలకుండా కింద రెండు పెద్ద దవడ పళ్ల మీద నీలం సిమెంటు చుక్కలు వేశాను, దాంతో పళ్లు కరిచినప్పుడు ముందు అవే కలుస్తాయి. కొత్త 0.014 వైరు వేసి, ఈసారి దాని రెండు కొసలనూ మంటతో వేడిచేసి ట్యూబు వెనక మడిచాను. ఈ వైరు వేడి చేయకుండా మడత నిలవదు. ఆ పని మొదటిసారే చేసి ఉంటే కొస అంత సులభంగా జారి ఉండేది కాదు. టైం లేదని వదిలేశాను.

నాలుగు రోజుల్లో పన్ను కదిలిపోలేదు. అదే రెండు మూడు వారాలు వదిలేసి ఉంటే ఆ పన్ను వరసలోంచి జారడం మొదలయ్యేది. మొత్తంగా పోయింది ఒక విజిట్: ఆ రోజు మార్చాల్సిన మందమైన వైరు ఐదు వారాలు వెనక్కి పోయింది.

ఐదు వారాల తర్వాత వచ్చినప్పుడు బుగ్గ మీద గుర్తు కూడా లేదు. నీలం చుక్కల వల్ల మూడు రోజులు ఏదీ నమలలేకపోయానని ఫిర్యాదు చేసింది. స్కూలు బ్యాగు తెరిచి, జామెట్రీ బాక్సులో పెట్టుకున్న రెండో వ్యాక్స్ డబ్బా చూపించింది. సగం అయిపోయింది. గుచ్చుకోవడానికి కాదట, క్లాసులో ఉండలు చుట్టుకుంటోంది.